పైకి వెళ్తున్న బంతిని ఎవరు నెడుతున్నారు?

ఒక పిల్లవాడు రబ్బరు బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాడు. బంతి చెయ్యి విడిచింది. ఇంకా పైకే వెళ్తోంది, దాదాపు సగం ఎత్తులో ఉంది. సరిగ్గా ఆ క్షణంలో దాని మీద పనిచేస్తున్న బలాలు ఏవి? గాలి అడ్డుకోవడం లెక్కలోకి తీసుకోవద్దు. ప్రతి బలానికీ ఒక బాణం గీయండి.

తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న ఇస్తే ఎక్కువ కాగితాల్లో రెండు బాణాలు కనిపిస్తాయి. కిందికి చూసే చిన్న బాణం గురుత్వాకర్షణ. పైకి చూసే పెద్ద బాణం పక్కన ‘చెయ్యి ఇచ్చిన బలం’ అని రాసి ఉంటుంది. శిఖరం దగ్గర గీయమంటే రెండూ సమానమవుతాయి. దిగే బంతి దగ్గరకు వచ్చేసరికి పై బాణం చిన్నదైపోతుంది, లేదా మాయమవుతుంది. సరైన బొమ్మలో ఉండేది ఒకటే బాణం, అది కిందికే చూస్తుంది. ఎక్కేటప్పుడు, శిఖరంలో, దిగేటప్పుడు దాని పొడవు మారదు.

ఇది చిన్న తరగతి పిల్లలు మాత్రమే చేసే తప్పు కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లెమెంట్ ఇదే ప్రశ్నను పైకి ఎగరేసిన నాణెం రూపంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇచ్చాడు. 1982లో వెలువడిన ఆయన పత్రం ప్రకారం, కోర్సు మొదలుకాక ముందు నూటికి 88 మంది తప్పు జవాబు రాశారు. ఆ తప్పుల్లో చాలా వరకు పైకి చూసే ఆ అదనపు బాణమే. మెకానిక్స్ కోర్సు పూర్తయిన విద్యార్థులకు ఇస్తే కూడా దాదాపు నాలుగింట మూడు వంతుల మంది తప్పారు. వాళ్లు న్యూటన్ నియమాలు చదివారు, లెక్కలు చేశారు, పరీక్షలూ రాశారు. ఆ బాణం మాత్రం చెక్కుచెదరలేదు.

ఉపాధ్యాయుడికి ఇందులో ఉపయోగపడే సంగతి ఒకటుంది. తప్పులు చెల్లాచెదురుగా రావు. ఏ దేశంలో అడిగినా, ఏ భాషలో అడిగినా మూడు నాలుగు రకాల జవాబులే మళ్లీ మళ్లీ వస్తాయి. అందువల్ల అవి ఏమిటో పాఠానికి ముందే తెలుసుకోవచ్చు. పాఠ్య పథకంలో ఎడమవైపు ‘పిల్లలు ఇలా అంటారు’ అని, కుడివైపు ‘అప్పుడు నేను ఇది అడుగుతాను, ఇది చూపిస్తాను’ అని రాసుకోవచ్చు. ఈ బంతి ప్రశ్నకే అలాంటి పథకం వేసి చూద్దాం.

తప్పులో ఉన్న తర్కం

ముందు ఆ తప్పును గౌరవంగా చూడాలి. పిల్లలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్న లోకంలో నెట్టకపోతే ఏదీ కదలదు. తోపుడు బండిని నెట్టడం ఆపితే ఆగిపోతుంది, సైకిల్ తొక్కడం మానితే కాసేపటికి నిలిచిపోతుంది. ఘర్షణ కంటికి కనిపించదు కాబట్టి ఆపింది అదేనని ఎవరికీ తోచదు. ‘కదలాలంటే బలం కావాలి, బలం అయిపోతే కదలిక ఆగుతుంది’ అన్నదే వాళ్ల అనుభవం నేర్పిన నియమం. చెయ్యి విడిచాక కూడా బంతి కదులుతోంది కాబట్టి ఏదో బలం ఉండి తీరాలి. బయట నెట్టేవాళ్లు లేరు కనుక అది బంతి లోపలే ఉండాలి. వేగం తగ్గుతోంది కనుక అది ఖర్చవుతూ ఉండాలి. ఒక్క ఊహతో బంతి ప్రయాణం మొత్తం అర్థమైపోతుంది. ఇంత పొందికగా ఉన్న ఆలోచన ‘అది తప్పు, సరైనది ఇది’ అనే ఒక్క మాటతో కదలదు.

> యువ గెలీలియో రాసిందీ ఇదే
>
> విసిరిన వస్తువులో ఒక ప్రేరణ నిలిచి ఉంటుందన్న ఆలోచన చాలా పాతది. ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఫిలోపోనస్, పద్నాలుగో శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ దీన్ని తమ తమ పద్ధతుల్లో వాదించారు. పీసాలో పనిచేస్తున్న రోజుల్లో, 1590 ప్రాంతంలో, గెలీలియో కూడా పైకి విసిరిన వస్తువులో చెయ్యి నింపిన బలం క్రమంగా క్షీణిస్తుందని, అది బరువుతో సమానమైనప్పుడు వస్తువు శిఖరం చేరుతుందని రాశాడు. నేటి విద్యార్థి గీసే బొమ్మ అదే. ఆ ఆలోచనను ఆయన తర్వాత వదిలేశాడు. న్యూటన్ గమన నియమాలు అచ్చయింది 1687లో. అంత కాలం పట్టిన మార్పును ఒక పీరియడ్‌లో జరిపించడానికి ఉపాధ్యాయుడు పూనుకుంటున్నాడు.

మొదటి జవాబు: ‘చెయ్యి ఇచ్చిన బలం బంతిలో ఉంది సార్’

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే జవాబు ఇదే కాబట్టి ఎక్కువ సమయం దీనికే కేటాయించాలి. మొదట తరగతిలో ఒక షరతు పెట్టాలి. గీసిన ప్రతి బాణం పక్కనా ‘ఎవరు, ఎవరి మీద’ అని రాయాలి. కింది బాణానికి ‘భూమి, బంతి మీద’ అని రాస్తారు. పై బాణానికి ‘చెయ్యి, బంతి మీద’ అని రాసి, అక్కడ కొందరు ఆగుతారు. చెయ్యి ఇప్పుడు బంతిని తాకడం లేదు కదా! అలా ఆగినవాళ్లలో మార్పు మొదలైనట్టే. కానీ చాలామంది ‘తాకడం లేదు సార్, కానీ ఇచ్చేసింది’ అంటారు. వాళ్లకు ఈ షరతు ఒక్కటే చాలదు.

వాళ్ల కోసం బంతిని కాసేపు పక్కన పెట్టి, పాత సీడీతో చేసిన జారుడు బిళ్లను బల్ల మీదికి తేవాలి. సీసా మూతకు రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, సీడీ మధ్యలోని రంధ్రం మీద జిగురుతో అంచంతా గాలి పోకుండా అతికించాలి. జిగురు పూర్తిగా ఆరాక ఊదిన బెలూన్‌ను మూతకు తొడగాలి. గాలి సీడీ కిందికి వచ్చి పలుచని పొరలా పరుచుకుంటుంది, ఘర్షణ దాదాపు పోతుంది. నున్నటి గ్రానైట్ బండ మీదో, అద్దం మీదో వేలితో ఒక్కసారి తట్టి వదిలితే బిళ్ల ఈ కొస నుంచి ఆ కొసకు ఇంచుమించు ఒకే వేగంతో సాగుతుంది. బెలూన్ లేకుండా తడితే జానెడు దూరంలోనే ఆగుతుంది. తట్టు రెండుసార్లూ ఒకటే. తేడా ఘర్షణలోనే ఉంది.

ఇక్కడే కొత్త చిక్కు వస్తుంది, దానికీ ముందే సిద్ధపడాలి. ‘బెలూన్ గాలి తోస్తోంది సార్’ అని ఎవరో ఒకరు తప్పక అంటారు. అప్పుడు వాదనకు దిగకుండా, బెలూన్ ఊదిన బిళ్లను తట్టకుండా బల్ల మీద ఊరికే ఉంచాలి. బల్ల సమతలంగా ఉంటే అది ఎటూ వెళ్లదు, ఎందుకంటే గాలి అన్ని వైపులకూ సమానంగా పోతోంది. ఒకవేళ ఒక వైపుకే జారిపోతే బల్ల వాలుగా ఉందని, లేదా అతుకులో ఒకచోట గాలి పోతోందని అర్థం. అది తరగతి ముందు కాకుండా అంతకు ముందు రోజే సరిచూసుకోవాలి. లేకపోతే తీసేయాలనుకున్న భావనే ఇంకా గట్టిపడుతుంది.

రెండో అడుగులో అదే బిళ్లకు రబ్బరు బ్యాండు తగిలించి లాగించాలి. బ్యాండు మొదటి నుంచి చివరి దాకా ఒకే పొడవుకు సాగి ఉండాలి, అంటే లాగే బలం మారకూడదు. ప్రయత్నించిన విద్యార్థికి వెంటనే ఒక సంగతి తెలుస్తుంది. సాగుడు అలాగే ఉంచాలంటే చెయ్యి అంతకంతకూ వేగంగా వెళ్లాలి. నిలకడైన బలం నిలకడైన వేగాన్ని ఇవ్వలేదు, వేగాన్ని పెంచుతూ పోయింది. బలం పని వేగాన్ని నిలబెట్టడం కాదు, వేగాన్ని మార్చడం. ఈ రెండు అడుగులూ పడ్డాకే బంతి దగ్గరకు తిరిగి రావాలి. ఈ క్రమాన్ని తలకిందులు చేస్తే తర్వాత చూపించే ఆధారం పిల్లలకు ఆధారంలా కనిపించదు.

బంతి దగ్గరకు తిరిగి: అంకెలు ఏమంటున్నాయి

వంద గ్రాముల బంతిని తీసుకుందాం. దాని బరువు ఇంచుమించు 1 న్యూటన్. విసిరేటప్పుడు చెయ్యి బంతిని పట్టుకుని 30 సెంటీమీటర్లు పైకి కదిలి, సెకనుకు 3 మీటర్ల వేగంతో వదిలిందనుకోండి. ఆ 30 సెంటీమీటర్ల పాటు చెయ్యి సుమారు 2.5 న్యూటన్ల బలంతో నెట్టి ఉండాలి. అంటే బంతి చేతిలో ఉన్నంతసేపూ పిల్లలు గీసిన బొమ్మ సరైనదే. పైకి పెద్ద బాణం, కిందికి చిన్న బాణం. ఈ మాట వాళ్లకు స్పష్టంగా చెప్పాలి. వాళ్లు లేనిదాన్ని ఊహించలేదు, ఉన్నదాన్ని కొంచెం ఎక్కువసేపు ఉంచారు.

ఇప్పుడు వాళ్ల ఊహ నుంచే ఒక జోస్యం రాబట్టాలి. చెయ్యి విడిచిన తర్వాత కూడా పైకి లాగే బలమే ఎక్కువగా ఉంటే బంతి వేగం ఏమవ్వాలి? రబ్బరు బ్యాండు ప్రయోగం చూసినవాళ్లు ‘పెరగాలి’ అంటారు. అంటే చెయ్యి విడిచాక కూడా బంతి కాసేపు ఇంకా వేగం పుంజుకోవాలి. అలా జరుగుతుందో లేదో చూడటానికి ఫోన్ కెమెరా చాలు.

గోడ మీద పది పది సెంటీమీటర్లకు సుద్దతో గీతలు పెట్టి, గోడకు దగ్గరగా బంతిని ఎగరేయాలి. ఫోన్‌ను మూడు నాలుగు మీటర్ల దూరంలో, బంతి తిరిగే ఎత్తుకు సమంగా కదలకుండా ఉంచాలి. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు ఉంటాయి కాబట్టి ప్రతి మూడో ఫ్రేమూ సెకనులో పదో వంతు తర్వాతది. సెకనుకు 3 మీటర్ల వేగంతో వదిలిన బంతి 45 సెంటీమీటర్లు ఎక్కుతుంది. ఒక్కో పదో వంతు సెకనులో అది కదిలే దూరం ఇలా ఉంటుంది: పైకి 25, పైకి 15, పైకి 5, కిందికి 5, కిందికి 15, కిందికి 25 సెంటీమీటర్లు.

మొదటి విరామం నుంచే వేగం తగ్గుతోంది. పుంజుకున్న క్షణం ఎక్కడా లేదు. ప్రతి అడుగులోనూ తేడా సరిగ్గా పదే. 25 నుంచి 15, 15 నుంచి 5 పైకి. తర్వాత కిందికి 5 అంటే అక్కడా మారింది పదే. ఖర్చవుతూ పోయే బలమే ఉంటే ఈ తేడా చోటును బట్టి మారాలి. ఎక్కడా మారలేదంటే బంతి మీద మొదటి నుంచి చివరి దాకా ఒకే బలం, ఒకే దిశలో పనిచేసింది.

ఆచరణలో అంకెలు ఇంత అందంగా రావు. శిఖరం సరిగ్గా ఫ్రేము మీద పడకపోవచ్చు. అప్పుడు 22, 12, 2, తర్వాత కిందికి 8, 18 అని వస్తుంది. అప్పుడూ తేడా పదే. వెలుతురు చాలకపోతే బంతి సాగిన చారలా పడుతుంది, కొన్ని ఫోన్లు ఫ్రేముల సంఖ్యను కూడా తగ్గించేస్తాయి. అందుకే ఇది తరగతి గదిలో కన్నా ఆరుబయట పగటి వెలుగులో చేయడం మంచిది. ఒకటి రెండు సెంటీమీటర్ల పొరపాటు సహజం. పక్క పక్క తేడాలు ఎనిమిది నుంచి పన్నెండు మధ్య ఊగితే కంగారు పడనక్కరలేదు. ఒకే వైపుకు వరుసగా పెరుగుతూనో తగ్గుతూనో పోతే కెమెరా కోణం చూసుకోవాలి.

ఇంత జరిగాక పిల్లల ఊహకు ఒక చోటు చూపించడం మరిచిపోకూడదు. బంతిలో ‘ఏదో ఉంది’ అన్న వాళ్ల భావన అబద్ధం కాదు. అది బలం కాదు, ద్రవ్యవేగం. చెయ్యి నెట్టడం వల్ల వచ్చింది, గురుత్వాకర్షణ వల్ల తగ్గుతోంది. బంతి వచ్చి తగిలితే మనకు నొప్పి తెలిసేది దానివల్లే. ఒక మంచి ఊహకు సరైన పేరు దొరికినప్పుడు పిల్లలు దాన్ని తేలిగ్గా అందుకుంటారు. ‘నీ మనసులో ఉన్నదంతా తుడిచేయి’ అంటే అందుకోరు.

రెండో జవాబు: ‘శిఖరంలో బలం సున్నా’

మొదటి జవాబు వదులుకున్నవాళ్లలో కూడా కొందరు ఇక్కడ పట్టుబడతారు. పైన బంతి ఒక క్షణం ఆగింది, ఆగిందంటే బలం లేదు అని. ఇందులో చిక్కు వేగానికీ, వేగంలో మార్పుకూ మధ్య ఉంది. ‘అక్కడ బలం నిజంగా సున్నా అయితే, వేగం కూడా సున్నా అయితే, బంతి ఏం చేయాలి?’ అని అడిగితే, అక్కడే వేలాడుతూ ఉండిపోవాలని వాళ్లే చెబుతారు. అయినా ‘ఆ ఒక్క క్షణమే సున్నా సార్, తర్వాత గురుత్వం అందుకుంటుంది’ అని తప్పించుకునే దారి ఒకటి మిగులుతుంది.

అప్పుడు కిరాణా కొట్టు ఖాతాను గుర్తు చేయవచ్చు. కొట్టులో ముందుగా 300 రూపాయలు జమ చేసి, రోజూ 100 రూపాయల సరుకు తెస్తున్నాం. నిల్వ 200 అవుతుంది, 100 అవుతుంది, మూడో రోజుకి సున్నా. సరుకు తేవడం మాత్రం ఆగలేదు. నాలుగో రోజున 100 బాకీ, ఐదో రోజున 200 బాకీ. నిల్వ సున్నా అయిన రోజున కూడా ఖర్చు వందే. మన బంతి వేగం కూడా అలాగే నడిచింది. ప్రతి పదో వంతు సెకనుకూ సెకనుకు మీటరు చొప్పున తగ్గి, 3 నుంచి 2, 1, సున్నా, ఆపై కిందికి 1, 2, 3. నిల్వ అంటే వేగం, రోజు ఖర్చు అంటే త్వరణం. శిఖరంలో మొదటిది సున్నా, రెండోది కాదు. వీడియోలోంచి తీసిన అంకెలు ముందు బోర్డు మీద ఉండాలి, ఖాతా ఆ తర్వాత రావాలి. ముందే పోలిక చెప్పేస్తే పిల్లలు కథ గుర్తుంచుకుని బంతిని మరిచిపోతారు.

మూడో జవాబు: ‘పైన గురుత్వం తక్కువ’

దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు. భూమి నుంచి దూరం వెళ్తే ఆకర్షణ తగ్గుతుందన్నది నిజమే, కానీ దూరాన్ని లెక్కించేది భూమి కేంద్రం నుంచి. ఆ కేంద్రం దాదాపు 6,370 కిలోమీటర్ల దిగువన ఉంది. విమానాలు తిరిగే పది కిలోమీటర్ల ఎత్తులో కూడా బరువు వెయ్యికి మూడు వంతులే తగ్గుతుంది. 45 సెంటీమీటర్లలో ఆ తేడాను ఏ బడి తక్కెడా పట్టలేదు.

ముందు ఊహ, తర్వాతే ప్రయోగం

బిళ్లను తట్టే ముందు, వీడియో ఆడించే ముందు ప్రతి విద్యార్థీ ఏం జరుగుతుందో కాగితం మీద రాసి, పక్కవాళ్లతో మాట్లాడుకోవాలి. ఇది తీరిక ఉంటే చేసే పని కాదు. హార్వర్డ్‌లో కేథరిన్ క్రౌచ్, ఎరిక్ మజూర్ మొదలైనవాళ్లు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రయోగాన్ని ఊరికే చూసిన విద్యార్థులు అసలు చూడనివాళ్ల కన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువ నేర్చుకోలేదని తేలింది. ముందుగా ఊహ చెప్పి తర్వాత చూసినవాళ్లకు అర్థమైంది ఎక్కువ. ఊహ రాయకపోతే చూసినదాన్ని మనసు తన పాత నమ్మకానికి తగ్గట్టు సర్దుకుంటుంది. రాసి ఉంటే ఆ సర్దుబాటుకు కాగితం అడ్డుపడుతుంది.

ఇంత చేసినా ఆ బాణం మళ్లీ వస్తుంది. పాఠం అయిన మర్నాడు బంతి ప్రశ్నే ఇస్తే సరైన జవాబు రాస్తారు, ఎందుకంటే బంతి గుర్తుంది. రెండు వారాల తర్వాత అదే ఆలోచనను వేరే వస్తువు మీద అడగాలి. తన్నిన ఫుట్‌బాల్ కాలు విడిచి మైదానంలో దొర్లుతోంది, దాని మీద బలాలు ఏవి? గాలి అడ్డుకోవడం వదిలేస్తే, భూమి కిందికి లాగడం, నేల పైకి నెట్టడం, గడ్డి వెనక్కి లాగడం, ఈ మూడే ఉండాలి. ముందుకు చూసే బాణం ఒక్కటి కనిపించినా ‘కాలు బలం’ ఆ మనసులో ఇంకా ఉన్నట్టే. ‘ఎవరు, ఎవరి మీద’ అని మళ్లీ రాయించాలి. పిల్లలు మార్కుల కోసం రాసే జవాబుకూ, తాము నమ్మే జవాబుకూ తేడా ఉండవచ్చని కూడా గుర్తుంచుకోవాలి. హార్వర్డ్‌లో ఇలాంటి పరీక్షే ఇచ్చినప్పుడు ఒక విద్యార్థి, మీరు నేర్పినట్టు రాయాలా, నేను ఆలోచించేట్టు రాయాలా అని అడిగినట్టు మజూర్ రాశాడు.

భౌతిక శాస్త్రం బోధించేవారికి ఒక విన్నపం. ఈ ఏడాది గమన నియమాలు మొదలుపెట్టే ముందు రోజు చివరి ఐదు నిమిషాలు బంతి ప్రశ్నకు ఇవ్వండి. పేర్లు రాయించవద్దు, మార్కులు వేయవద్దు. వచ్చిన కాగితాలను జవాబుల ప్రకారం కుప్పలుగా పెట్టండి. ఏ కుప్ప పెద్దదో చూసి మర్నాటి పీరియడ్ దానితో మొదలుపెట్టండి.